మూలలో ఒప్పు, పటంపై తప్పు

పల్లెటూళ్ళలో గుడి అరుగుల మీద పులి-మేక ఆట గీతలు చెక్కి ఉండటం చాలామంది చూసే ఉంటారు. ఆ ఆటలో పావులు గళ్ళలో కూర్చోవు, గీతలు కలిసే చోట కూర్చుంటాయి. చైనాలో పుట్టి, కొరియా, జపాన్‌లలో పెరిగిన ‘గో’ ఆటలోనూ అంతే. అడ్డంగా 19 గీతలు, నిలువుగా 19 గీతలు, మొత్తం 361 కూడళ్ళు. ఒకరివి నల్ల రాళ్ళు, ఇంకొకరివి తెల్ల రాళ్ళు. వంతులవారీగా ఒక్కో రాయి పెడుతూ పోతారు. పెట్టిన రాయి మళ్ళీ కదలదు. నాలుగు వైపులా ఊపిరి ఆడకుండా చుట్టుముడితే మాత్రం ఆ రాయిని పటం మీది నుంచి తీసేస్తారు. చివరికి ఎవరి రాళ్ళు ఎక్కువ ఖాళీ కూడళ్ళను తమ కంచెలోకి తెచ్చుకుంటే వాళ్ళది గెలుపు.

నేల కోసం పోటీ కాబట్టి మొదట అందరి కళ్ళూ మూలల మీద పడతాయి. దానికి కారణం చిన్న లెక్క. మూడేసి కూడళ్ళ చొప్పున మూడు వరసల నేల, అంటే 9 కూడళ్ళు కావాలనుకుందాం. పటం నడిమధ్యలో దాన్ని చుట్టాలంటే నాలుగు వైపులా కంచె కట్టాలి, 12 రాళ్ళు పడతాయి. అంచు పక్కనైతే ఒక వైపు గోడ ముందే ఉన్నట్టు, 9 రాళ్ళు చాలు. మూలలో రెండు వైపులా అంచులే కాబట్టి 6 రాళ్ళతో పని అయిపోతుంది. రెండు పక్కలా ప్రహరీ ఉన్న స్థలం కొన్నవాడికి కంచె ఖర్చు సగమే. అందుకే ఆట మూలల్లో మొదలై, అంచుల మీదుగా నడిచి, ఆఖరున మధ్యకు చేరుతుంది.

వందల ఏళ్ళుగా మూలల్లో ఇదే తగువు జరుగుతుంటే, ఏ ఎత్తుకు ఏ జవాబు సరైనదో అనుభవం మీద తేలిపోయింది. అలా స్థిరపడిన ఎత్తుల వరసను జపాన్‌లో ‘జోసెకి’ అంటారు. మాటకు అర్థం స్థిరపడిన రాళ్ళు అనే. ఒకరు మూలలో రాయి పెడతారు, రెండోవారు దగ్గరికి వస్తారు, ఆ తరవాత ఐదో, పన్నెండో, కొన్నిసార్లు ముప్పై దాటో ఎత్తులు. ముగిసేసరికి ఒకరికి కొంత నేల, ఇంకొకరికి బయటి గోడ. ఇద్దరికీ నష్టం లేని పంపకం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఈ వరసలు పదులకొద్దీ బట్టీ పడతారు. ఆ తరవాతే వాళ్ళ ఆట కొన్నాళ్ళు దెబ్బతింటుంది. జోసెకి నేర్చినవాడి బలం రెండు రాళ్ళ మేర తగ్గిందని జపాన్ ఆటగాళ్ళలో చాలాకాలంగా ఒక చమత్కారం ఉంది. చమత్కారమే అయినా అందులో ఉన్నది నిజం.

ఆ నిజం ఎక్కడుందో చెప్పడానికి చదరంగం కాస్త సాయం చేస్తుంది. చదరంగంలో ఆరంభ ఎత్తుల వరస అంటే మొత్తం బల్లకు చెందినది. రెండు పక్షాల పావులన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి. జోసెకి అలాంటిది కాదు. అది పటంలో నాలుగో వంతుకే వర్తిస్తుంది. ఇద్దరికీ సమానం అన్న తీర్పు మిగతా మూడు వంతులూ ఖాళీగా ఉన్నాయన్న ఊహ మీద ఇచ్చినది. ఆట నిజంగా జరిగేటప్పుడు ఆ మూడు వంతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. పక్క మూలలో ఎవరివో రాళ్ళు ఉంటాయి, అంచు మధ్యలో ఏదో ఒకటి కాపలా కాస్తుంటుంది. అవి ఎక్కడున్నాయన్న దాన్ని బట్టి అదే వరస ఒకసారి లాభం, ఒకసారి నష్టం అవుతుంది.

ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం. గోలో అందరికంటే ముందు నేర్చే జోసెకి ఇదే. అందరికంటే ఎక్కువగా తప్పు ఆడేదీ ఇదే.

కింది ఎడమ మూల. ఎడమ అంచు నుంచి నాలుగో గీత, కింది అంచు నుంచి నాలుగో గీత కలిసే చోట చిన్న చుక్క ఉంటుంది. దాన్ని నక్షత్రం అంటారు. అక్కడ ఒక నల్ల రాయి ఉంది. నక్షత్రం మీది రాయి కాస్త ఎత్తులో ఉన్నట్టు లెక్క. పక్కలకూ మధ్యకూ చూపు బాగా సారిస్తుంది కానీ కాళ్ళ కింద మూల తెరిచే ఉంటుంది. తెల్లవాడు ఆ సందు చూసి లోపలికి దూకుతాడు. రెండు అంచుల నుంచీ మూడో గీతలు కలిసే చోట, నల్ల రాయికి ఏటవాలుగా కింద, తన రాయి పెడతాడు. దీన్ని మూడు-మూడు చొరబాటు అంటారు. ఆ రాయిని చంపడం కుదరదు, మూల ఎలాగూ తెల్లవాడిదే. నల్లవాడి చేతిలో ఉన్న ప్రశ్న ఒక్కటే: అడ్డం ఎటు పెట్టాలి?

దారులు రెండున్నాయి. తెల్ల రాయికి పైన పెడితే ఎడమ అంచు వైపు దారి మూసుకుంటుంది. తెల్లవాడు కింది అంచు వెంట కుడివైపు పాకుతాడు. తెల్ల రాయికి కుడి పక్కన పెడితే కింది అంచు మూసుకుంటుంది. అప్పుడు తెల్లవాడు ఎడమ అంచు వెంట పైకి పాకుతాడు. పుస్తకం ప్రకారం రెండూ జోసెకినే. ఒకదానికి ఇంకొకటి అద్దంలో ప్రతిబింబం. ఏది ఎంచుకున్నా సుమారు పన్నెండు ఎత్తుల్లో వ్యవహారం తేలుతుంది. తెల్లవాడికి మూలలో ఎనిమిదో పదో కూడళ్ళ నేల దక్కుతుంది, నల్లవాడికి బయట గోడ లేస్తుంది. పైగా తరవాతి ఎత్తు తెల్లవాడిది. ఆట ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించే చొరవ కూడా అతని చేతికే వస్తుంది. నేలా పోయి, చొరవా పోయి నల్లవాడికి మిగిలింది గోడ ఒక్కటే. ఆ గోడ ఎటు చూస్తోంది, అటు దానికి పని ఉందా లేదా అన్నదే మొత్తం బేరం.

ఇప్పుడు మూల బయట చూద్దాం. ఎడమ అంచు పొడవునా మూడు నక్షత్రాలూ, అంటే కింది మూల, అంచు మధ్య, పై మూల, నల్లవే అనుకోండి. ఇలా ఒకే వరసలో మూడు నక్షత్రాలు పట్టే పద్ధతిని జపాన్ ఆటగాడు తకెమియా మసాకి ఎంతో పేరున్న ఆయుధంగా మార్చాడు. నేల సంగతి పక్కనపెట్టి పటం మధ్యలో విశాలమైన చట్రం కట్టడం ఆయన తీరు. కింది అంచు మధ్యలో ఒక తెల్ల రాయి ఉంది. ఈ స్థితిలో తెల్లవాడు మూడు-మూడులోకి దూకాడు.

నల్లవాడు పైన అడ్డం పెట్టాలి, అనుమానం లేదు. ఎడమ అంచు మూసుకుంటుంది, అక్కడి మూడు నక్షత్రాల చట్రం కింది వైపు నుంచి చెక్కు చెదరదు. తెల్లవాడు కింది అంచు వెంట కుడికి పాకుతాడు, కానీ అటు వాడి రాయి ముందే ఉంది. సొంత ఇంటి వైపే పాకినట్టు. తన రాళ్ళే తన రాళ్ళకు దగ్గరగా చేరి, ఒకే నేలను రెండుసార్లు కాపలా కాస్తాయి. గోలో ఇంతకంటే ఖరీదైన వృథా లేదు, ఎందుకంటే ఇద్దరికీ వంతుకు ఒక్క రాయే.

అదే స్థితిలో నల్లవాడు అలవాటు కొద్దీ కుడి పక్కన అడ్డం పెడితే? మూల లోపల ఫలితం ఒక్క కూడలి కూడా మారదు. బయట మాత్రం కథ తిరగబడుతుంది. తెల్లవాడు ఎడమ అంచు వెంట పైకి పాకి చట్రం పునాదిలోకి చొచ్చుకుపోతాడు. వాణ్ని ఆపడానికి పెట్టిన నల్ల రాళ్ళు అంచు మధ్య నక్షత్రానికి మరీ దగ్గరగా, ఇరుకుగా పడతాయి. నల్ల గోడ ముఖం ఇప్పుడు కింది అంచు వైపు తిరిగింది, అక్కడ ఎదురుగా తెల్ల రాయి నింపాదిగా కూర్చుని ఉంది. పుస్తకం చూస్తే ఒక్క ఎత్తూ తప్పు లేదు. ఆట మాత్రం చేజారడం మొదలైంది.

పటాన్ని కొంచెం మార్చండి. పై ఎడమ మూలా, ఎడమ అంచు మధ్యా తెల్లవాడివి. కింది అంచు మధ్యలోనూ కింది కుడి మూలలోనూ నల్ల రాళ్ళున్నాయి. ఇప్పుడు సరైనది కుడి పక్క అడ్డమే. తెల్లవాడు పైకి పాకి తన రాళ్ళ దగ్గరికే చేరతాడు, నల్ల గోడ కింది అంచంతా పరుచుకుని చూస్తుంది. మూల అదే, చొరబాటు అదే. జవాబు పూర్తిగా ఎదురు దిక్కున ఉంది.

నేర్పేవాళ్ళు దీన్ని విశాలమైన వైపు నుంచి అడ్డం పెట్టాలని ఒక్క ముక్కలో చెబుతారు. మంచి మాటే. అయితే ఏ వైపు విశాలం అన్నది ఖాళీ ఎంతుందో చూసి చెప్పేది కాదు, ఆ ఖాళీలో తన గోడ ఎంత దూరం చాచుకోగలదో చూసి చెప్పేది. దానికొక కొలత ఉంది. ఒంటరి రాయి నుంచి అంచు వెంట రెండు గీతలు వదిలి తరవాతి రాయి పెడితే రెండింటినీ సాధారణంగా విడదీయలేరు. రెండు రాళ్ళ ఎత్తు గోడ ఉంటే మూడు గీతలు వదలొచ్చు, మూడు రాళ్ళ గోడకు నాలుగు. గోడ ఎంత పొడుగైతే అంత దూరం సాగగలదు, సాగాలి కూడా. సాగాల్సిన చోట ముందే ఎదుటివాడి గట్టి రాయి ఉంటే ఆ గోడకు పెట్టిన రాళ్ళన్నీ దండగ.

మరి రెండు అంచుల మీదా తెల్లవాడే బలంగా ఉంటే? జోసెకిని నమ్ముకున్నవాడికి అసలైన చిక్కు ఇక్కడే వస్తుంది. ఎటు అడ్డం పెట్టినా గోడ ఎదుటివాడి కోటను చూస్తూ నిలబడుతుంది. దానికి సొంతంగా నేల ఉండదు, ప్రాణం నిలబెట్టుకునే జాగా కూడా ఉండదు. తెల్లవాడు దాన్ని తరుముతూ తరుముతూ ఇంకో చోట నేల కట్టుకుంటాడు. బలం అనుకున్న గోడ బరువైపోతుంది. ఈ స్థితిలో ఏ జోసెకి మంచిదని వెతకడం వృథా, తప్పు అంతకు ముందే జరిగిపోయింది. తెల్లవాడు దూకకముందే నల్లవాడు ఒక ఎత్తు ఖర్చుపెట్టి మూడు-మూడులో తన రాయే పెట్టుకుని ఉండాల్సింది. ఆట మొదట్లో అలా పెడితే పిరికి ఎత్తు అంటారు. చుట్టూ తెల్ల రాళ్ళున్న ఈ పటం మీద మాత్రం మూల నేలనీ, ఆ రాళ్ళ ప్రాణాన్నీ ఒకేసారి కాపాడే ఎత్తు అదొక్కటే. పుస్తకంలో లేని, చూడటానికి చిన్నగా కనిపించే ఇలాంటి ఎత్తుల్లోనే ఆటగాడి చూపు తెలుస్తుంది.

ఇదే జోసెకి మీద తీర్పు ఈ మధ్యకాలంలో ఎలా మారిందో కూడా చెప్పుకోవాలి. ఆట మొదట్లోనే మూడు-మూడులోకి దూకడం ఎదుటివాడికి ఉచితంగా గోడ కట్టి ఇవ్వడమేనని దశాబ్దాల పాటు నేర్పారు. 2017 తరవాత అగ్రశ్రేణి ఆటగాళ్ళే పటం దాదాపు ఖాళీగా ఉండగానే అక్కడికి దూకడం మామూలైపోయింది. వాళ్ళు పాత వరసను పూర్తిగా ఆడరు. తెల్లవాడు చివర్లో రెండో గీత మీద ఆడే ఎత్తులు నల్ల గోడలోని పగుళ్ళను పూడ్చేసి, దాన్ని మరింత గట్టిపరుస్తాయి. ఇప్పుడు ఆ ఎత్తులు వదిలేసి, చొరవ తీసుకుని వేరే మూలకు వెళ్ళిపోతున్నారు. గోడలో పగుళ్ళు అలాగే ఉండిపోతాయి. స్థిరపడిందనుకున్న వరసలో కూడా ఎక్కడ ఆపాలన్నది పటమే చెబుతుందన్నమాట.

మూల బయటి రాయి మూలలోని లెక్కను ఎంత దూరం నుంచి చెడగొట్టగలదో చూడాలంటే ‘మెట్ల’ సంగతి తెలియాలి. ఒక రాయి పారిపోతుంటే ఇంకొకరు అటొకటి ఇటొకటి అడ్డం పెడుతూ మెట్లు మెట్లుగా తరుముతారు. పారిపోయే వరుస పటానికి ఏటవాలుగా సాగుతుంది. కింది ఎడమ మూలలో మొదలైతే పై కుడి మూల దాకా పోతుంది. దారిలో ఏమీ లేకపోతే ఎదురు అంచుకు కొట్టుకుని మొత్తం వరుస పట్టుబడుతుంది. దారిలో పారిపోయేవాడి రాయి ఒక్కటుంటే చాలు, ఆ చేయి అందుకుని గట్టెక్కుతాడు. అప్పుడు తరిమినవాడి పరిస్థితి ఘోరం. మెట్టుమెట్టుకూ వాడి రాళ్ళ మధ్య తెగిన సందులే ఉంటాయి, ఎక్కడ కోసినా రెండేసి రాళ్ళు ప్రమాదంలో పడతాయి.

చాలా జోసెకీలు ఈ మెట్లు తనకు అనుకూలంగా ఉన్నాయన్న నమ్మకం మీద నిలబడ్డాయి. పుస్తకం కింద సన్న అక్షరాల్లో ఆ షరతు రాస్తుంది. బట్టీ పట్టినవాడు వరస గుర్తుపెట్టుకుని షరతు మరిచిపోతాడు. కాబట్టి అలాంటి వరసలోకి దిగే ముందు వేలు పెట్టకుండా, కంటితోనే మెట్టు మెట్టూ ఎదురు మూల దాకా నడిచి చూడాలి. దారి మీద పరాయి రాయి కనిపిస్తే ఆ జోసెకి ఆ రోజుకు లేనట్టే. దారి ఇప్పుడు ఖాళీగా ఉన్నా ఇంకో ఇబ్బంది ఉంది. ఎదుటివాడు ఆ దారి మీద ఒక రాయి పెడితే, అది అదే ఎత్తుతో పై కుడి మూలలో కూడా పనికొస్తే, ఒక్క దెబ్బకు రెండు పనులవుతాయి. నల్లవాడు జవాబు ఒక్కచోటే చెప్పగలడు.

ఇదంతా విని జోసెకీలు వదిలేసి తోచినట్టు ఆడటం మొదలుపెట్టేవాళ్ళూ ఉన్నారు. పటం మొత్తం చూసి ఆడానని చెప్పుకుంటారు. అది ఇంకా పెద్ద తప్పు. జోసెకి నుంచి పక్కకు తప్పుకుంటే ఆ మూలలో ఎంతో కొంత నష్టం ఖాయం, ఎందుకంటే తరతరాల అనుభవం అక్కడ అంతకంటే మంచి ఎత్తు దొరకలేదనే చెబుతోంది. ఎదుటివాడి చొరబాటును పట్టించుకోకుండా వేరే చోట ఆడితే వాడికి ఇక్కడ వరసగా రెండు ఎత్తులు దొరుకుతాయి. ఆ నష్టానికి బదులుగా ఎక్కడ, ఏ రాయికి, ఎంత మేలు జరుగుతోందో వేలు పెట్టి చూపించగలిగితేనే తప్పుకోవడం న్యాయం. చూపించలేకపోతే పుస్తకంలోని ఎత్తే ఆడాలి. జోసెకి నేర్చుకోవడంలో అసలు ప్రయోజనం వరస గుర్తుండటం కాదు, వరసలోని ప్రతి ఎత్తుకూ కారణం తెలియడం. కారణం తెలిసినవాడికి ఆ కారణం ఎప్పుడు చెల్లదో కూడా తెలుస్తుంది.

మూల నష్టాన్నీ పటం లాభాన్నీ ఒకే ఆటలో చూడాలంటే 1846లో ఒసాకాలో జరిగిన ఆట కంటే మంచి ఉదాహరణ లేదు. నల్ల రాళ్ళతో ఆడినవాడు పదిహేడేళ్ళ షూసాకు. తెల్ల రాళ్ళు ఇనోవె గెన్నాన్ ఇన్సెకివి. ఆయన ఇనోవె ఘరానాకు పెద్ద, ఎనిమిదో శ్రేణి ఆటగాడు. షూసాకుది అప్పటికి నాలుగో శ్రేణి. గెన్నాన్ మూలలో ‘తాయిషా’ అనే జోసెకి ఎత్తుకున్నాడు. గోలో అత్యంత చిక్కైన వరసల్లో అది ఒకటి, నూరు రూపాలు మారుతుందని పేరు. అందులో తన ఘరానాలో దాచుకున్న ఒక కొత్త ఎత్తు బయటికి తీశాడు. షూసాకుకు అది తెలియదు. 25వ ఎత్తులో తప్పు చేశాడు, ఆ మూలలో వెనకబడ్డాడు. వరసలు గుర్తుంచుకునే పోటీలో పెద్దాయన గెలిచాడు.

ఆట అక్కడితో ఆగలేదు. మూల పోయిన కుర్రవాడు దాన్ని తిరిగి సంపాదించాలని అక్కడే పెనుగులాడకుండా మిగతా పటం మీద ఓపిగ్గా కూడబెట్టుకుంటూ వచ్చాడు. ఆ సమయంలో చూస్తున్నవాళ్ళంతా గెన్నాన్‌దే పైచేయి అనుకున్నారట. అప్పుడు వచ్చింది 127వ ఎత్తు. షూసాకు పటం మధ్య దగ్గర, ఏ తగువుకూ నేరుగా అంటుకోకుండా ఒక రాయి పెట్టాడు. ఒక్కో మూల నుంచీ విడిగా చూస్తే అది దేనికీ జవాబు కాదు. మొత్తంగా చూస్తే ఆ ఒక్క రాయి పైభాగంలో నల్ల చట్రాన్ని పెంచింది, కుడివైపు తెల్లవాడి బలాన్ని తగ్గించింది, కింద చిక్కులో ఉన్న నాలుగు నల్ల రాళ్ళకు దూరం నుంచే ఆసరా ఇచ్చింది, ఎడమవైపు తెల్ల నేల మీదా కన్నేసింది.

ఆట చూస్తున్నవాళ్ళలో ఒక వైద్యుడున్నాడు. ఆటలో ఆయనకు అంత లోతు లేదు. నల్లవాడే గెలుస్తాడని ఆయన ఒక్కడే అన్నాడని చెబుతారు. ఆ రాయి పడగానే గెన్నాన్ చెవులు ఎర్రబడ్డాయి, లోపల కలవరపడ్డవాడికే అలా అవుతుందని ఆయన తన వైద్యం లెక్కలో చెప్పాడట. అప్పటి నుంచి అది ‘చెవులు ఎర్రబడ్డ ఎత్తు’గా నిలిచిపోయింది.

ఆ ఆట 325 ఎత్తుల దాకా సాగింది. షూసాకు రెండు కూడళ్ళ తేడాతో గెలిచాడు.